రసాయనాల లేబుళ్లు, నిల్వ: భీమవరం దగ్గరి ఒక స్టోర్ గది మీద తొమ్మిది ప్రశ్నలు

ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా పరీక్షకు చదివేవాళ్లలో చాలామంది రసాయనాల పాఠానికి వచ్చేసరికి ఎర్ర అంచు డైమండ్ బొమ్మలు తొమ్మిదింటినీ బట్టీ పట్టి, ఇక ఆ పాఠం అయిపోయిందనుకుంటారు. బొమ్మ పేరు అడిగే ప్రశ్నలో ఎవరికీ మార్కు పోదు. పోయేది నిల్వ మీద అడిగే ప్రశ్నలో, అదీ రెండు డబ్బాల లేబుళ్లను విడివిడిగా సరిగ్గానే చదివి, వాటిని పక్కపక్కన పెట్టి చదవకపోవడం వల్ల పోతుంది. అందుకే ఈ మార్గదర్శిలోని ప్రశ్నలన్నింటినీ ఒకే గది చుట్టూ అల్లాను. ఆ గదిని ముందు మనసులో కట్టుకుని, తర్వాత ప్రశ్నల్లోకి రండి. సమాధానం చూసే ముందు ప్రతి ప్రశ్నకూ మీ జవాబును కాగితం మీద రాసుకుంటే, ఎక్కడ తడబడ్డారో మీకే తెలుస్తుంది.

గది

భీమవరం పరిసరాల్లోని రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో కనిపించే సాధారణమైన స్టోర్ ఇది. పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. ఒక తలుపు, ఒక కిటికీ, నేల మధ్యలో గోడ వరకు సాగే ఒక నీటి కాలువ ఉన్నాయి. లోపల ఉన్నవి ఇవి:

- నేలలూ బల్లలూ కడగడానికి వాడే సోడియం హైపోక్లోరైట్, అంటే అందరూ హైపో అనేది. 35 లీటర్ల క్యాన్‌లు 12. బలం 10 శాతం.
- అమ్మోనియా కండెన్సర్ గొట్టాల్లో పేరుకున్న గారను వదిలించే హైడ్రోక్లోరిక్ యాసిడ్. 35 లీటర్ల క్యాన్‌లు 4. బలం సుమారు 32 శాతం.
- బ్లీచింగ్ పౌడర్, 25 కిలోల బస్తాలు 20.
- రొయ్యకు నల్లమచ్చ రాకుండా వాడే సోడియం మెటాబైసల్ఫైట్, 25 కిలోల బస్తాలు 10.
- జనరేటర్‌కు డీజిల్, 200 లీటర్ల డ్రమ్ములు 3.

యాసిడ్ క్యాన్, హైపో క్యాన్ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. రెండూ నీలం రంగువే, మూతలూ ఒకటే. మెటాబైసల్ఫైట్ బస్తా, బ్లీచింగ్ బస్తా రెండూ తెల్లటివే. కాబట్టి ఈ గదిలో వస్తువును గుర్తుపట్టడానికి లేబుల్ తప్ప వేరే ఆధారం లేదు. జూలై, ఆగస్టుల్లో డెల్టా తేమకు ఆ లేబుల్ అంచులు లేవడం మొదలవుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

మొదటి అడుగు: లేబుల్‌ను ఒక వరుసలో చదవడం

రసాయన ప్రమాదాలను అన్ని దేశాల్లో ఒకే తీరులో సూచించే పద్ధతి జీహెచ్‌ఎస్. ఆ పద్ధతి ప్రకారం లేబుల్ మీద ఆరు అంశాలుంటాయి. అవి పదార్థం పేరు, సరఫరాదారు వివరాలు, సంకేత పదం, బొమ్మలు, ప్రమాద వాక్యాలు, జాగ్రత్త వాక్యాలు. పరీక్షలో చాలామంది కళ్లు ముందు బొమ్మ మీద పడి అక్కడే ఆగిపోతాయి. బొమ్మ ప్రమాదం ఏ కుటుంబానిదో మాత్రమే చెబుతుంది. ఆ ప్రమాదం ఎలా వస్తుందో ప్రమాద వాక్యం చెబుతుంది, దేనికి దూరంగా పెట్టాలో జాగ్రత్త వాక్యం చెబుతుంది. నిల్వ ప్రశ్నకు జవాబు ఎక్కువసార్లు ఈ చివరి రెండింటిలోనే దొరుకుతుంది.

ప్రశ్న 1. హైపో క్యాన్ మీద, యాసిడ్ క్యాన్ మీద కూడా ద్రవం కారి చేతిని, లోహాన్ని తినేస్తున్న కొరోజన్ బొమ్మ ఉంది. రెండింటి మీదా సంకేత పదం "డేంజర్". దీన్నిబట్టి సరైన నిర్ణయం ఏది?

(అ) రెండూ ఒకే వర్గానివి కాబట్టి ఒకే అరలో పెట్టవచ్చు.
(ఆ) రెండూ ఆమ్లాలే కాబట్టి ఒకే ట్రేలో పెట్టవచ్చు.
(ఇ) బొమ్మ ఒకటే అయినా అవి కలిస్తే ఏమవుతుందో బొమ్మ చెప్పదు కాబట్టి, జాగ్రత్త వాక్యాలూ, పదార్థంతో వచ్చే భద్రతా సమాచార పత్రం ఎస్‌డీఎస్‌లో 10వ విభాగమూ చూసి వేరుచేయాలి.
(ఈ) "డేంజర్" అని ఉన్న ప్రతిదాన్నీ ఒకే తాళం గదిలో పెట్టాలి.

జవాబు: (ఇ).

కొరోజన్ బొమ్మ ఆమ్లానికీ వస్తుంది, క్షారానికీ వస్తుంది. చర్మాన్ని కాల్చే గుణం రెండింటికీ ఉంది గనుక బొమ్మ ఒకటే అయింది. కానీ యాసిడ్ పీహెచ్ స్కేలు అడుగున ఉంటే, హైపో 11 నుంచి 13 మధ్య ఉంటుంది. పైగా హైపోలో యాసిడ్ తగిలితే బయటికి రావడానికి సిద్ధంగా ఉన్న క్లోరిన్ ఉంది. (అ)ను ఎంచుకున్నవాళ్లు "ఒకే బొమ్మ ఉన్నవి ఒకచోట" అన్న సూత్రం ఎక్కడో విని ఉంటారు. మండే ద్రవాలను ఒకచోట చేర్చేటప్పుడు అది చాలావరకు పనికొస్తుంది గానీ, కొరోజన్ బొమ్మ దగ్గర మాత్రం అదే సూత్రం మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. (ఈ)లో మరో పొరపాటు దాగి ఉంది. సంకేత పదం తీవ్రతను చెబుతుందే తప్ప రసాయన స్వభావాన్ని చెప్పదు.

ప్రశ్న 2. యాసిడ్ క్యాన్ మీద కొరోజన్ బొమ్మతో పాటు ఆశ్చర్యార్థకం బొమ్మ కూడా ఉంది. ఇది లేబుల్‌లో తప్పేనా?

(అ) తప్పే, కొరోజన్ ఉంటే ఆశ్చర్యార్థకం ఎప్పుడూ రాకూడదు.
(ఆ) తప్పు కాదు, ఇక్కడ ఆశ్చర్యార్థకం ఊపిరి దారిని మండించే గుణాన్ని సూచిస్తుంది.
(ఇ) తప్పే, ఒక లేబుల్ మీద ఒక బొమ్మే ఉండాలి.
(ఈ) తప్పు కాదు, ప్రతి "డేంజర్" లేబుల్ మీదా ఆశ్చర్యార్థకం తప్పనిసరి.

జవాబు: (ఆ).

ఇందులో సగం నిజం ఉన్నందువల్లే (అ) చాలామందిని లాగుతుంది. కొరోజన్ బొమ్మ వచ్చినప్పుడు చర్మానికో కంటికో కలిగే మంట కోసం ఆశ్చర్యార్థకం వేయకూడదన్నది నిజమైన నియమమే, ఎందుకంటే కాల్చేదానికి మండించేది ఎలాగూ చిన్నదే. కానీ యాసిడ్ పొగ ముక్కునూ గొంతునూ మండించడం వేరే ప్రమాదం. దాని కోసం వచ్చిన ఆశ్చర్యార్థకం ఉండి తీరాలి.

ప్రశ్న 3. ఒక పదార్థానికి ఎస్‌డీఎస్ 2వ విభాగంలో జీహెచ్‌ఎస్ ప్రమాద కేటగిరీ 1 అని ఉంది. అదే పదార్థం డ్రమ్ము మీద, అమెరికా అగ్ని రక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ వారి నాలుగు రంగుల డైమండ్‌లో, నీలం గడిలో 4 ఉంది. ఇవి ఒకదానికొకటి విరుద్ధమా?

(అ) విరుద్ధమే, ఒకచోట 1, మరోచోట 4 ఉండకూడదు.
(ఆ) విరుద్ధం కాదు, రెండూ అత్యధిక తీవ్రతనే చెబుతున్నాయి.
(ఇ) విరుద్ధం కాదు, 1 తక్కువ, 4 మధ్యస్థం.
(ఈ) నీలం గడి మంటకు సంబంధించినది, కాబట్టి పోల్చకూడదు.

జవాబు: (ఆ). జీహెచ్‌ఎస్‌లో అంకె చిన్నదైతే ప్రమాదం పెద్దది. ఎన్‌ఎఫ్‌పీఏలో 0 నుంచి 4 వరకు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. నీలం ఆరోగ్యానికి, ఎరుపు మంటకు, పసుపు అస్థిరతకు, తెలుపు ప్రత్యేక హెచ్చరికకు. ఈ ప్రశ్న మీద ఇంతకన్నా కాలం ఖర్చు చేయవద్దు.

రెండో అడుగు: రెండు లేబుళ్లను జతగా చదవడం

గదిలో అయిదు పదార్థాలుంటే జతలు పది వస్తాయి. పరీక్షలో ఆ పదింటినీ వేయాల్సిన పని లేదు. ఆమ్లం ఎక్కడుంది, ఆక్సిడైజర్ ఎక్కడుంది, మండేది ఎక్కడుంది అని మూడు ప్రశ్నలు వేసుకుంటే ప్రమాదకరమైన జతలు వాటంతట అవే పైకి తేలతాయి. ఎస్‌డీఎస్‌లోని 16 విభాగాల్లో నిల్వకు రెండు విభాగాలు చాలు. ఎలా ఉంచాలో 7వ విభాగం చెబుతుంది, దేనితో కలవకూడదో 10వ విభాగం చెబుతుంది. ఒలికిపోయినప్పుడు చూసేది 6వ విభాగం. "నిల్వకు ఏ విభాగం" అని నేరుగా అడిగితే 7 అని రాయండి. "పొసగని పదార్థాలు" అన్న మాట ప్రశ్నలో కనిపిస్తే 10 అని రాయండి.

ప్రశ్న 4. స్టోర్ ఇన్‌చార్జి యాసిడ్ క్యాన్‌లను ఒక గోడ పక్కన, హైపో క్యాన్‌లను ఎదురు గోడ పక్కన పెట్టాడు. మధ్యలో 4 మీటర్ల దూరం ఉంది. నేల మధ్యలోని కాలువ రెండు వైపులనూ కలుపుతోంది. ఈ ఏర్పాటు గురించి సరైనది ఏది?

(అ) 3 మీటర్లకు మించి దూరం ఉంది కాబట్టి సరిపోతుంది.
(ఆ) కిటికీ తెరిచి ఉంచితే సరిపోతుంది.
(ఇ) సరిపోదు, కారిన రెండు ద్రవాలూ కాలువలో కలుస్తాయి.
(ఈ) క్యాన్‌ల మూతలు బిగించి ఉంటే సరిపోతుంది.

జవాబు: (ఇ).

ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడదాం. వేరుచేయడం అంటే క్యాన్‌ల మధ్య దూరం కొలవడం కాదు, ద్రవం పారే దారులను వేరుచేయడం. క్యాన్ పగిలినప్పుడు ద్రవం క్యాన్ దగ్గరే నిలబడదు. నేల వాలును పట్టుకుని కాలువలోకి పోతుంది. అక్కడ జరిగే చర్య ఇది:

```
NaOCl + 2HCl → NaCl + H2O + Cl2
```

ఎంత క్లోరిన్ వస్తుందో ఒకసారి లెక్క కట్టి చూడండి. ఇలాంటి లెక్క సంక్షిప్త ప్రశ్నగా కూడా రావచ్చు. 10 శాతం హైపో అంటే లీటరుకు సుమారు 100 గ్రాముల లభ్య క్లోరిన్ ఉన్నట్టు. క్లోరిన్ మోలార్ ద్రవ్యరాశి 71 గ్రాములు, 25 డిగ్రీల దగ్గర ఒక మోల్ వాయువు సుమారు 24.5 లీటర్లు. కాబట్టి 100 గ్రాములు 34.5 లీటర్ల వాయువు అవుతుంది. గది ఘనపరిమాణం 6 × 5 × 4 = 120 ఘనపు మీటర్లు, అంటే 1,20,000 లీటర్లు. 34.5ను 1,20,000తో భాగించి పది లక్షలతో గుణిస్తే సుమారు 290 పీపీఎం వస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ క్లోరిన్‌కు పెట్టిన తక్షణ ప్రాణాపాయ హద్దు 10 పీపీఎం. అంటే ఒకే ఒక్క లీటరు హైపోలోని క్లోరిన్ అంతా బయటికి వస్తే, గది మొత్తం ఆ హద్దుకు 29 రెట్లు చేరుతుంది. దానికి కావలసిన యాసిడ్ ఎంత? రెండు మోల్‌ల యాసిడ్‌కు ఒక మోల్ క్లోరిన్ లెక్కన, 32 శాతం యాసిడ్ సుమారు 300 మిల్లీలీటర్లు చాలు. పెద్ద ప్రమాదానికి పెద్ద లీకు అక్కర్లేదని ఈ లెక్కతో తేలుతుంది.

ఈ లెక్క వాయువు గదంతా సమానంగా పరుచుకుంటుందన్న ఊహ మీద నడిచింది. నిజానికి క్లోరిన్ గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువైనది, నేలను పట్టుకుని పాకుతుంది. కాబట్టి కాలువ దగ్గర వంగి నేల తుడుస్తున్న మనిషి ముఖం దగ్గర గాఢత మనం కట్టినదానికన్నా ఎక్కువే ఉంటుంది. (ఆ) తప్పు కావడానికీ ఇదే కారణం. నడుము ఎత్తున ఉన్న కిటికీ నేల మీది వాయువును బయటికి పంపలేదు. ఇలాంటి గదికి గాలి బయటికి పోయే మార్గం నేలకు దగ్గరగా ఉండాలి. అమ్మోనియా ప్లాంటులో ఇదే తిరగబడుతుంది. అమ్మోనియా గాలికన్నా తేలిక కాబట్టి అక్కడ పైకప్పు దగ్గరి మార్గం ముఖ్యం. ఒకే ఆవరణలో రెండూ ఉండే ఐస్ ప్లాంటును ప్రశ్నలో ఇస్తే ఈ తేడానే పట్టుకోవాలి.

సరైన ఏర్పాటు ఏమిటి? యాసిడ్‌కు వేరే గది, లేదా కనీసం వేరే ట్రే, వేరే కాలువ, మధ్యలో పూర్తి గోడ. రెండు ట్రేలూ ఒకే పిట్‌లోకి పారకూడదు. ఒలికిన యాసిడ్‌ను తుడిచిన గుడ్డను హైపో బకెట్‌లో జాడించడం కూడా కలపడమే.

ప్రశ్న 5. మెటాబైసల్ఫైట్ బస్తాలను ఎక్కడ పెట్టడం సరైనది?

(అ) యాసిడ్ పక్కన, రెండూ నీళ్లలో ఆమ్ల స్వభావం చూపుతాయి కాబట్టి.
(ఆ) బ్లీచింగ్ పౌడర్ పక్కన, రెండూ పొడులే కాబట్టి.
(ఇ) యాసిడ్‌కూ, హైపోకూ, బ్లీచింగ్‌కూ దూరంగా, పొడిగా ఉండే మరో గదిలో.
(ఈ) డీజిల్ పక్కన, రెండూ చర్యలో పాల్గొనవు కాబట్టి.

జవాబు: (ఇ).

ఈ బస్తా మీది బొమ్మలు చూసి ఎవరూ భయపడరు. కొరోజన్, ఆశ్చర్యార్థకం అంతే. పైగా అది ఆహారంలో వాడే పదార్థం. అందుకే స్టోర్‌లో ఖాళీ దొరికిన చోటల్లా అది వెళ్లి కూర్చుంటుంది. యాసిడ్ తగిలితే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. తేమ తగిలినా ఆ ఘాటు వాసన మొదలవుతుంది. ఇక బ్లీచింగ్, హైపో ఆక్సిడైజర్లు కాగా ఇది రిడ్యూసర్. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను చంపడానికి ఇదే రసాయనాన్ని పలుచగా వాడతారు. "అయితే రెండూ ఒకదాన్నొకటి శాంతింపజేస్తాయి కదా, పక్కన పెడితే తప్పేమిటి" అని ఒక అభ్యర్థి నన్ను అడిగాడు. మంచి సందేహమే. పలుచని నీళ్లలో ఆ చర్య వేడిని నీళ్లు మింగేస్తాయి. బస్తాల గుట్టలో ఆ వేడికి పోయే దారి ఉండదు. చర్య ఒకటే అయినా దాని వేడి ఎక్కడికి పోతుందన్నది తేడా.

(ఈ) గురించి ఒక మాట. డీజిల్‌తో మెటాబైసల్ఫైట్‌కు పేచీ లేకపోయినా, ఆహార పదార్థాన్ని నూనె డ్రమ్ముల పక్కన పెట్టడం కలుషితం దృష్ట్యా తప్పు. అసలు డీజిల్‌కు శత్రువు ఈ గదిలో బ్లీచింగ్ పౌడర్. దాని బస్తా మీది సున్నా మీద మంట ఉన్న బొమ్మను, కింద గీత మీద మంట ఉన్న బొమ్మతో పొరబడేవాళ్లు ఇంకా ఉన్నారు. సున్నా అంటే ఆక్సిజన్‌ను గుర్తు చేసుకోండి. తాను మండదు, పక్కదాన్ని మండిస్తుంది. డీజిల్ తడిసిన గోనె ముక్కో, జనరేటర్ తుడిచిన పాత బనీను గుడ్డో బ్లీచింగ్ బస్తా మీద పడేస్తే, నిప్పు రవ్వ లేకుండానే మంట రాజుకునే అవకాశం ఉంది. కాబట్టి ఈ గదిలో డీజిల్‌కు చోటే లేదు. దాన్ని జనరేటర్ వైపు, నీడ ఉన్న షెడ్డులోకి తరలించాలి.

మూడో అడుగు: డబ్బా స్థితిని చదవడం

లేబుల్ సరిగ్గా ఉండి, చోటు సరిగ్గా ఉన్నా, లోపలి పదార్థం మారిపోతూ ఉండవచ్చు. డెల్టాలో ఏప్రిల్, మే ఎండలకు రేకు కప్పు కింద ఈ ప్రశ్న నిజంగానే ఎదురవుతుంది.

ప్రశ్న 6. మే నెలలో వెనుక వరుసలోని రెండు హైపో క్యాన్‌లు పక్కలు ఉబ్బి కనిపించాయి. వాటి మూతలు మామూలు గట్టి మూతలు. అతి సంభావ్యమైన కారణం ఏది?

(అ) హైపో నెమ్మదిగా విడిపోయి ఆక్సిజన్ విడుదల కావడం.
(ఆ) హైపో గడ్డకట్టడం.
(ఇ) క్యాన్ ప్లాస్టిక్ నీళ్లు పీల్చుకోవడం.
(ఈ) క్యాన్‌లో గాలి పీడనం తగ్గడం.

జవాబు: (అ).

హైపో నిల్వ ఉన్నకొద్దీ ఒక దారిలో క్లోరేట్‌గా మారుతుంది, ఇంకో దారిలో ఆక్సిజన్‌ను వదిలి ఉప్పుగా మారుతుంది. వేడి, వెలుతురు ఈ విడిపోవడాన్ని వేగం చేస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు మూడు నాలుగు రెట్లవుతుంది. నికెల్, రాగి, ఇనుము లాంటి లోహాల జాడ తగిలితే ఆక్సిజన్ వచ్చే దారి మరింత తెరుచుకుంటుంది. అందుకే తుప్పు పట్టిన గరాటుతో పోసిన క్యాన్ మిగతావాటికన్నా ముందు ఉబ్బుతుంది. హైపో క్యాన్‌కు గాలి వదిలే మూత ఉండాలి, నీడలో ఉండాలి, ముందు వచ్చినది ముందు వాడేలా తేదీ బయటికి కనిపించాలి. ఉబ్బిన క్యాన్‌ను మూత ఒక్కసారిగా తిప్పి తెరవకూడదు. కళ్లద్దాలు, ముఖానికి షీల్డు, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, మూతను ముఖానికి ఎదురుగా కాకుండా పక్కకు ఉంచి, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. పరీక్షలో "తక్షణ చర్య" అని అడిగితే ముందు మనుషులను పక్కకు పంపడం, తర్వాత పీడనం నెమ్మదిగా వదలడం, ఆ తర్వాతే తరలింపు. ఉబ్బిన క్యాన్‌ను ఎత్తి ఎండలో బయట పెట్టించే జవాబు ఎంత సులువుగా కనిపించినా తప్పు.

బ్లీచింగ్ పౌడర్ విషయంలో శత్రువు ఎండకన్నా తేమ. వర్షాకాలంలో నేల మీద నేరుగా పేర్చిన అడుగు వరుస బస్తాలు గడ్డకడతాయి. గడ్డకట్టిన పొడి బలం తగ్గిందనడానికి అదే గుర్తు. చెక్క ప్యాలెట్ బాగుంటుందని అనిపిస్తుంది గానీ ఆక్సిడైజర్ కింద చెక్క కన్నా ప్లాస్టిక్ ప్యాలెట్ మేలు. నీళ్లు ఎక్కే ఊళ్లలో ప్యాలెట్ ఎత్తు గతంలో నీరు ఎక్కిన గుర్తుకన్నా పైన ఉండాలి. ద్రవాల క్యాన్‌లను ఎప్పుడూ బస్తాల పై అరలో పెట్టకూడదు.

నాలుగో అడుగు: ట్రే లెక్క

ప్రశ్న 7. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం, కారిన ద్రవాన్ని పట్టే ట్రే సామర్థ్యం, అందులోని అతి పెద్ద పాత్ర పరిమాణంలో 110 శాతం, లేదా అన్ని పాత్రల మొత్తంలో 25 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఉండాలి. 12 హైపో క్యాన్‌లకు, 3 డీజిల్ డ్రమ్ములకు కావలసిన కనీస సామర్థ్యాలు వరుసగా ఎన్ని లీటర్లు?

(అ) 38.5, 220
(ఆ) 105, 220
(ఇ) 105, 150
(ఈ) 420, 600

జవాబు: (ఆ).

హైపోకు 35లో 110 శాతం 38.5 లీటర్లు. మొత్తం 12 × 35 = 420, అందులో 25 శాతం 105. పెద్దది 105. డీజిల్‌కు 200లో 110 శాతం 220, మొత్తం 600లో 25 శాతం 150. పెద్దది 220. ఒకచోట ఒక సూత్రం, మరోచోట ఇంకో సూత్రం గెలిచింది. పరీక్షకులు ఈ రెండు సంఖ్యలనూ ఒకే ప్రశ్నలో పెట్టడం అందుకే. చిన్న పాత్రలు ఎక్కువ ఉంటే 25 శాతం గెలుస్తుంది, పెద్ద పాత్రలు కొద్దిగా ఉంటే 110 శాతం గెలుస్తుంది. ట్రేను నిజంగా కొలిచేటప్పుడు ఒక విషయం మరవకూడదు. డ్రమ్ములు జాలీ మీద కాకుండా ట్రే అడుగున నేరుగా నిలబడితే, అవి ఆక్రమించిన జాగా మేరకు ట్రే పట్టే నీళ్లు తగ్గుతాయి. ఆరుబయట ట్రేలో నిలిచిన వాననీరు కూడా అంతే.

ప్రశ్న 8. పెట్రోలియం చట్టం, 1934 ప్రకారం డీజిల్ బి తరగతిది. ఈ 200 లీటర్ల డ్రమ్ములను లైసెన్సు లేకుండా ఒకచోట గరిష్ఠంగా ఎన్ని ఉంచవచ్చు?

(అ) 3 (ఆ) 5 (ఇ) 12 (ఈ) 225

జవాబు: (ఇ). బి తరగతికి పరిమితి మొత్తం 2,500 లీటర్లు, ఏ పాత్రా 1,000 లీటర్లకు మించకూడదు. 12 డ్రమ్ములు 2,400 లీటర్లు. పదమూడోది వస్తే హద్దు దాటుతుంది. (ఈ)లోని 225 అన్నది సి తరగతికి ఉన్న 45,000 లీటర్ల హద్దు నుంచి వచ్చిన ఎర.

అయిదో అడుగు: చేతిలోకి మారిన సీసా

చివరి ప్రశ్న లేబుల్ పుట్టిన చోట కాక, అది తెగిపోయిన చోట మొదలవుతుంది.

ఒక ప్రాసెసింగ్ యూనిట్‌లో నేను స్వయంగా చూసినది చెబుతాను. గ్రేడింగ్ బల్లల పక్కన కిటికీ అంచున రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒకటి ఉంది. సగం వరకు నీళ్లలాంటి, కొద్దిగా పసుపు ఛాయ ఉన్న ద్రవం. మూత మీద పెన్నుతో గీసిన చుక్క తప్ప మరేమీ రాసి లేదు. కడిగే అమ్మాయిని అడిగితే "అది హైపో అండీ, పెద్ద క్యాన్ ఎత్తలేక ఇందులో పోసుకున్నా" అంది. అదే వరుసలో మరో సీసాలో కండెన్సర్ కడిగే కుర్రవాడు పోసుకున్న యాసిడ్ ఉంది. దాని మూత మీద కూడా చుక్కే ఉంది. ఎవరి చుక్క ఎవరిదో వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ప్రశ్న 9. షిఫ్టు మారాక మీరు ఆ రెండు సీసాలనూ చూశారు. పోసినవాళ్లు ఇంటికి వెళ్లిపోయారు. ఏం చేయాలి?

(అ) మూత తీసి వాసన చూసి, వాసనబట్టి లేబుల్ రాయాలి.
(ఆ) రెండింటినీ ఒకే బకెట్‌లో ఒంపి నీళ్లు కలిపి పారబోయాలి.
(ఇ) తెలియని రసాయనంగా గుర్తు పెట్టి, వేరువేరు ట్రేల్లో విడిగా ఉంచి, పోసినవాళ్ల నుంచి నిర్ధారించుకునే వరకు ఎవరూ వాడకుండా చూడాలి.
(ఈ) పసుపు ఛాయ ఉన్నది హైపో అని రాసి, దాన్ని వాడకానికి ఇచ్చేయాలి.

జవాబు: (ఇ).

(ఆ) నాలుగో ప్రశ్నలోని లెక్కను చేజేతులా నిజం చేయడమే. (అ)లో క్లోరిన్ వాసననో యాసిడ్ పొగనో కావాలని ఊపిరిలోకి పీల్చుకుంటున్నాం. (ఈ) చూడటానికి తెలివిగా ఉంటుంది, కానీ పారిశ్రామిక హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు కూడా ఇనుము జాడవల్ల పసుపు ఛాయ వస్తుంది. రంగు సాక్ష్యం కాదు.

నిర్ధారించుకున్నాక ఏం రాయాలన్నది కూడా అడుగుతారు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు, 1989లో 17వ నియమం పాత్ర మీద మూడు అంశాలు అడుగుతుంది. అవి పాత్రలోని పదార్థం, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఆ పదార్థపు భౌతిక, రసాయన, విష లక్షణాల సమాచారం. యూనిట్ లోపల మారిన చిన్న పాత్ర మీద ఆచరణలో కనీసం పూర్తి పేరు, బలం, సంకేత పదం, బొమ్మ, పోసిన తేదీ ఉండాలి. ఆ సీసా మీద "హైపో" అని మాత్రమే రాస్తే చాలదు. ఇదే పేరుతో ఫొటో డెవలపింగ్‌లో వాడే సోడియం థయోసల్ఫేట్‌ను కూడా పిలుస్తారు. ల్యాబ్ చదువు చదివిన కొత్త ఉద్యోగికి హైపో అంటే అదే గుర్తొస్తుంది. "సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, 10 శాతం, డేంజర్, యాసిడ్‌తో కలపరాదు" అని తెలుగులో, నీళ్లు తగిలినా చెరగని మార్కర్‌తో రాసి, దాని మీద పారదర్శక టేపు అంటించాలి. కూల్‌డ్రింక్ సీసాను మాత్రం తాగేవాటి ఆకారం గనుక లేబుల్ ఉన్నా ఒప్పుకోకూడదు. దాని బదులు హైపో తట్టుకునే పాలిథీన్ క్యాన్, 5 లీటర్లది, పిడి ఉన్నది ఇస్తే పెద్ద క్యాన్ ఎత్తలేని సమస్య కూడా తీరుతుంది. నేను చూసిన ఆ యూనిట్‌లో మరుసటి వారం రెండు రంగుల మూతలున్న 5 లీటర్ల క్యాన్‌లు తెప్పించారు, యాసిడ్ క్యాన్‌లను కండెన్సర్ వైపున్న వేరే గదిలోకి మార్చారు.